అక్క చివరి వాయిస్ మెసేజ్

కొత్త ఫోన్ కొన్నది నేనే. పాతది చేజేతులా ఇచ్చేసిందీ నేనే. ఎవరినైనా తిట్టిపోద్దామంటే ఒక్కరూ దొరకరు.

అక్కది దుమ్ముగూడెం అవతల అడవిలో ఊరు. నేను ఏన్కూరులో టీచర్ని. అక్కకు చదువు రాదు, వాళ్ల ఊళ్లో సిగ్నల్ అందదు. పని చేసుకుంటూనే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు చెప్పిపెట్టేది. బావ ఆ ఫోన్ జేబులో వేసుకుని గోదావరి గట్టెక్కితే అన్నీ ఒక్కసారే నాకొచ్చి పడేవి. "ఏందే, తిన్నవా? మా బర్రె ఈనింది" అనేది. వెనక కోళ్లు అరిచేవి.

పోయిన వానాకాలం అక్క జ్వరంతో చచ్చిపోయింది. దానికి నాలుగు రోజుల ముందు మూడు నిమిషాల మెసేజ్ పంపింది. క్లాసులో ఉన్నాను, తర్వాత విందామనుకున్నాను. ఆ తర్వాత వినే ధైర్యం రాలేదు. అది అట్లాగే ఉండిపోయింది.

మొన్న బావను చూసి వస్తూ భద్రాచలంలో ఫోన్ మార్చుకున్నాను. షాపతను కొత్తదాంట్లో నా జీమెయిల్ వేయగానే నంబర్లన్నీ వచ్చాయి. కేబుల్ పెట్టి ఫోటోలు ఎక్కించాడు. సిమ్ మార్చి, ఓటీపీ కొట్టి వాట్సాప్ తెరిస్తే, బ్యాకప్ ఏదీ దొరకలేదని చూపించింది.

"మేడం, వాట్సాప్ బ్యాకప్ పెట్టుకున్నరా?"

"అవ్, అన్నీ ఉన్నయి. సిగ్నల్ మంచిగుంటే అవే వస్తయి తీ. జల్దీ కానియ్, నా బస్సు పోతది."

అక్క మెసేజ్‌లు ఎప్పుడూ ఆలస్యంగానే కదా వచ్చేవి! నా వేలితో నేనే 'స్కిప్' నొక్కాను. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పోయేదే కాబట్టి, నా కళ్ల ముందే దాన్ని మొత్తం తుడిచేశాడు. బ్యాకప్ పెట్టమని ఆ ఫోన్ అడిగినప్పుడల్లా 'తర్వాత' అని తోసేసిన మహాతల్లిని నేనే.

ఇంటికొచ్చి చూస్తే 'అక్క' అని పేరుంది, ఫోటో ఉంది. లోపల ఒక్క మాట లేదు.

పంపినవి పంపినవాళ్ల ఫోన్‌లోనూ ఉంటాయని ఎవరో చెబితే, మర్నాడే బావ దగ్గరికి పరుగెత్తాను. అక్క ఫోన్ బీరువాలో భద్రంగా ఉంది. ఛార్జింగ్ పెట్టి తెరిచాను. అందులోనూ ఖాళీయే.

"బావా, ఇందుల నాకు పంపినవి ఏమైనయి?"

బావ నా మొహంలోకి చూడలేకపోయాడు.

"ఫోన్ నిండిందని మీ అక్క మొత్తుకుంటే, ఎట్ల తీసేయాల్నో నువ్వే నేర్పితివి గదమ్మా. అప్పటిసంది పంపుడు, తీసేసుడు. ఎందుకే అంటే, 'నా తాన ఎందుకయ్యా, చెల్లె తాన ఉంటయి గద' అనేది."