అరువు బ్యాటరీ

మా చిన్న ఆసుపత్రిలో జనరేటర్ చూసుకునే ఆయన్ని చిన్నాపెద్దా అందరం బాబాయ్ అనే పిలుస్తాం. నేను డయాలసిస్ గదిలో నర్సుని. బాబాయ్ ఒకప్పుడు లారీ మెకానిక్. ఇంజను దగ్గు విని దాని జబ్బు చెప్పేస్తానని కోతలు కోసేవాడు. కోతల మాటెలా ఉన్నా పనికి వంక పెట్టేలా ఉండేది కాదు. పొద్దున రాగానే, ఇంజను ఆగి ఉండగానే, ఆయిల్ పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి రెండు గీతల మధ్య ఉందా లేదా చూసేవాడు. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలేవాడు. నెలకోసారి, డయాలసిస్ లేని రోజు చూసి, మెయిన్ ఆపి, ఆసుపత్రి లోడంతా జనరేటర్ మీద వేసి అరగంట నడిపేవాడు.

"ఖాళీగా తిప్పితే ఇంజనుకి మసి పడుతుందమ్మాయ్. మనుషులూ అంతే," అని నన్ను ఎగాదిగా చూసేవాడు, నేనేదో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నట్టు.

ఈమధ్య ఆ పరీక్ష రోజుల్లో అంబులెన్సు జనరేటర్ షెడ్డు పక్కకి వచ్చి ఆగేది. డ్రైవరు, బాబాయ్ బావాబామ్మర్దుల్లా ఉంటారు కదా, కబుర్లకేమో అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నాలుగు కుర్చీల్లో నలుగురు రోగులు. అలా పోయి నెలలైంది; ఇదివరకైతే ఊపిరి తీసి వదిలేలోగా జనరేటర్ అందుకునేది. ఆ రోజు షెడ్డులోంచి ఇంజను మూలిగింది, ఆగింది. మళ్లీ మూలిగింది, ఇంకా నీరసంగా. తర్వాత ఒట్టి టకటక, ఆపైన అదీ లేదు.

మూడు మిషన్లు వాటి లోపలి బ్యాటరీతో నడుస్తున్నాయి. నాలుగోది పాతది, పంపు ఆగిపోయింది. ఆ కుర్చీలో ఉన్నది రిటైరైన పంతులమ్మ. బయటికొచ్చిన రక్తం గొట్టాల్లో నిలబడితే గడ్డకడుతుంది. నేను పంపుకి చేతిపిడి తగిలించి, రక్తం వెనక్కి పంపడానికి నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాను. చెయ్యి లాగేస్తోంది. ఆవిడ ఆ గొట్టం వంకే చూస్తోంది.

"ఆపకు తల్లీ," అంది.

ఈలోగా బాబాయ్, బయట కూర్చున్న ఆవిడ కొడుకు కారు షెడ్డు దగ్గరికి తెప్పించి, దాని బ్యాటరీకి వైర్లు కలిపి ఇంజను లేపాడు. లైట్లు వెలిగాయి. పంపు తిరిగింది. మేనేజరు వరండాలోనే బాబాయ్ భుజం తట్టి, "నువ్వుండబట్టి సరిపోయింది," అన్నాడు. బాబాయ్ వైర్లు చుట్టుకుంటూ నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. ఎప్పుడూ ఆగని నోరు, ఇంజను ఎందుకు లేవలేదో చెప్పాల్సిన ఇప్పుడే మూతపడాలా అనుకున్నాను.

పంతులమ్మని కుర్చీలోంచి లేపి బయటికి తీసుకొచ్చేసరికి ఆయన గుమ్మం పక్కన ఉన్నాడు. ఆవిడ ఆగి, రెండు చేతులూ జోడించింది.

"వద్దమ్మా!" బాబాయ్ వెనక్కి జరిగాడు. "నాకు దణ్ణం పెట్టకండి. ఆ బ్యాటరీ ఎప్పుడో పోయింది. నేనే పాడుచేశాను. ఎండల్లో డిస్టిల్డ్ వాటర్ పోయడం మర్చిపోయి ప్లేట్లు ఎండబెట్టాను. మీటరు చూస్తే నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది, ఇంజను తిప్పమంటే చతికిలపడుతుంది. చెప్తే నామర్దా అని, పరీక్ష రోజున అంబులెన్సు బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసేవాణ్ణి. ఇవాళ ఆ బండి బయటికెళ్లింది."

మేనేజరు షెడ్డు వైపు తిరిగాడు. అన్ని నెలలూ ఆ పరీక్షలు చూసి తలూపింది ఆయనే. పంతులమ్మ జోడించిన చేతులు విడదీసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. బాబాయ్ తలెత్తలేదు. తిడితే బాగుండేదని, తిట్టకుండా పోయిందని, ఆ సాయంత్రం నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఓదార్చడానికి నాకు మనసు రాలేదు. నా భుజం ఇంకా సలుపుతూనే ఉంది.

కొత్త బ్యాటరీ వచ్చింది. పాత మిషన్ తీసేశారు. బాబాయ్ ఉద్యోగం ఊడలేదు, కోతలు మాత్రం ఊడిపోయాయి.

తన తర్వాతి డయాలసిస్ రోజున పంతులమ్మ వచ్చింది. కుర్చీ ఎక్కలేదు.

"ముందు ఆ జనరేటర్ ఒకసారి వెయ్యమను. విన్నాక కూర్చుంటా," అంది. వేళాకోళం కాదు, ఆవిడ చేతిసంచి కూడా కింద పెట్టలేదు.

షెడ్డులో ఇంజను ఒక్క ఊపున అందుకుంది. ఆవిడ చెవి అటే పెట్టి నిలబడింది. కాసేపటికి బాబాయ్ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, నేల చూస్తూ చెప్పాడు.

"దాని బ్యాటరీతోనే అమ్మా. బయటిది ఏదీ తగిలించలేదు."

ఆవిడ ఆయన్ని చూడలేదు. "నువ్వెళ్లి చూసిరా తల్లీ," అంది నాతో.

నేను ఆయన్ని దాటుకుని చూడ్డానికి వెళ్లాను.