పెద్దకుండలో జొన్నలు

డాక్టరు అన్నం తగ్గించమన్నాడని కోడలు నిన్న కొర్రలు తెచ్చింది. సంచి విప్పగానే ఆ ఎండు పొట్టు వాసన తగిలి, కర్నూలులో మా తొలి కాపురమూ సువార్తమ్మవ్వా గుర్తొచ్చారు. ఇంటింటికీ నడిచి ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఆమె. పంతొమ్మిది వందల యాభైలలో నా బిడ్డ నా ఒడిలో మిగిలాడంటే దేవుడు ఆమెను పంపినందువల్లే.

మా సంఘంలో ప్రతి ఇల్లాలూ వంటకు ముందు పిడికెడు గింజలు దేవుని పేర చిన్నకుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేది. నేనూ మా పెద్దకుండలోంచి కొర్రలు తీసి వేసేదాన్ని. కానీ చూస్తే కుండ ఖాళీగా ఉండేది. నా భర్త బడిపంతులు, ఎన్నడూ గొంతు పెంచని మనిషి. "వేయలేదులే, మరిచినావు. నేనుండా గదా," అనేవాడు. తాళంచెవి నేను పెట్టినచోట దొరికేది కాదు. చెయ్యి చేసుకున్న మరునాడు, "నేనెప్పుడు కొట్టినా? తూలి పడితివి గదే," అంటూ తానే పసుపు రాసేవాడు. ఒకనాడు సంఘం ప్రార్థన కూటంలో లేచి, నాకు మతి నిలకడ లేదని, ప్రార్థించమని కోరాడు. అందరూ కళ్లు మూసి ప్రార్థించారు. నేనూ ఆమెన్ అన్నాను. బిడ్డకు పాలివ్వడం కూడా మరుస్తున్నానని, వాణ్ని కడపలో తన తల్లి దగ్గర వదులుతానన్నాడు. అదే మేలేమో అనుకునేదాకా వచ్చాను.

"అవ్వా, నాకు పిచ్చి పడతాండాది," అన్నాను, వాక్యం చెప్పడానికి మా ఇంటికి వచ్చిన సువార్తమ్మతో.

"ఎవురు చెప్పినారు?"

"ఆయనే."

అవ్వ తన సంచిలోంచి పిడికెడు జొన్నలు తీసి చిన్నకుండలో పోసింది. "ఈ పొద్దు నువ్వేమీ వేయొద్దు పాపా. ఆయనతో చెప్పొద్దు."

మరునాడు ఆయన బడికి పోకముందే వచ్చింది. చిన్నకుండ ఖాళీ.

"ఏమప్పా, దీంట్లో ఏమీ లేదే?"

"ఆమె వేస్తే గదా అవ్వా! నిన్న కూడా మరిచింది."

అవ్వ ధాన్యం పెద్దకుండ మూత తీసింది. పచ్చటి కొర్రల మీద తెల్లటి జొన్నలు. "నిన్న చిన్నకుండలో ఇవి పోసింది నేను. ఈడికి ఎట్ల వచ్చినాయి?"

ఆయన చిరునవ్వు చెదరలేదు. "నీకూ వయసైపాయె. పెద్దదాంట్లోనే పోసుంటావు."

"ఓరి నీ! నాకూ పట్టిస్తివే పిచ్చి!" అని అవ్వ పకపకా నవ్వింది.

ఆయన వెళ్లాక నా పక్కన కూర్చుంది. "పాలాయన నీళ్లు కలిపి, కలపలేదని ఒట్టు పెడతాడు. అది అబద్ధం. తన తప్పు దాచుకుంటాడు, అంతే. నీ కండ్లు నీకే ఉంటాయి. మీ ఆయన గింజ తినలేదు, అమ్ముకోలేదు. నీ గింజలు నీ కుండలోకే పోసినాడు. ఆయప్పకు కావాల్సింది నీ మతి. నీమీద నీకే నమ్మకం పోతే, ఇంక ఆయన చెప్పిందే నిజం."

దాన్ని గ్యాస్‌లైటింగ్ అంటారని ఈమధ్య మనవరాలు చెప్పింది. అప్పుడు మాకు పేరు తెలియదు.

ఆదివారం సంఘం ముందు అవ్వ లేచింది. "ఆ పాప మతి బాగానే ఉండాది. నేను చూసినా. ఆ ప్రార్థన చాలించండి." అంతమంది విన్న తర్వాత బిడ్డను కడపకు పంపడం ఆయన వల్ల కాలేదు. మనిషి మాత్రం మారలేదు. ఆయన పోయేదాకా ఆ ఇంట్లోనే, ఆ మాటల మధ్యే బతికాను.

ఇప్పటికీ ఎవరైనా "నేనలా అనలేదే" అంటే, మొదటి అనుమానం నామీదే. కాసేపు ఆగి, "లేదు, అన్నావు. నేను విన్నాను," అంటాను. ఆ కాసేపటికే అలసిపోతాను. అలా అనగల బలం దేవుడు ఒకసారి ఇస్తే నిలిచేది కాదు. రోజూ మోకరించి మళ్లీ అడుక్కుంటాను.