వదినె పేరుతో వచ్చిన మనిషి

జహీరాబాద్ బ్యాంకులో శిక్షణకు చేరిన మొదటి నెలలోనే నన్ను కొత్త ఖాతాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆడపిల్లకు ఆ కుర్చీ ఎందుకని హెడ్ క్లర్కు నా ఎదుటే అనేవాడు.

ఒకరోజు ఝరాసంగం వైపు ఆసామి ఒకడు, కొంగు ముఖం మీదికి లాక్కున్న ఆడమనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. మా బ్యాంకులో పెద్ద డిపాజిటుదారు. చనిపోయిన అన్న భార్య అని చెప్పి రేషన్ కార్డు బల్ల మీద పడేశాడు. పొలానికి వచ్చిన పరిహారం చెక్కు ఆమె పేరున ఉంది, ఖాతా కావాలి. మనిషి ఆమేనని పూచీపడే పరిచయ సంతకం తనే చేస్తానన్నాడు.

"నువ్వు రాసుకో, ఆమె వేలిముద్ర ఏస్తది. జల్ది కానీ."

కార్డులో వదినెకు యాభై దాటాయి. కాగితం మీద ఆనిన చేతివేళ్లు చూస్తే పాతికేళ్లు కూడా ఉండవనిపించింది. వేలిముద్ర ఖాతాకు ఫొటో కావాలి. ఫొటో తేలేదు. పదిమందిలో వయసు, పిల్లల సంగతి అడగడం ఇష్టంలేక ఆమెను బీరువాల వెనక్కి తీసుకెళ్లాను.

"మీ పెద్దబిడ్డ పేరేందమ్మా?"

ఆమె కొంగు కాస్త పక్కకు జరిపింది. "నాకింకా పెండ్లే కాలే. వేలు ఏస్తె చాలన్నడు. మా నాయిన ఆయన దగ్గర జీతముంటడు. నేను చెప్పిన్నని అనకు."

మేనేజరు గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన నన్నే విసుగ్గా చూశాడు. ఆసామికి మాత్రం, ఫొటో లేనిదే ఖాతా కుదరదని కాగితాలు తిరిగి ఇప్పించాడు.

ఆసామి నా బల్ల మీద గుద్దాడు. "లోపల ఏం చెప్పింది?"

"ఏం చెప్పలేదు. వయసు కార్డుకు సరిపోలేదు, ఫొటో లేదు. అంతే."

"మా ఇంటి ఆడోళ్లను అనుమానిస్తవా? నీ సంగతి చూస్త!"

కొన్ని వారాలకు అసలు వదినె, మరిది దగ్గరున్న కార్డూ చెక్కూ పెద్దమనుషుల చేత ఇప్పించుకొని, తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. ఖాతా ఉన్న కిరాణా వ్యాపారి పరిచయ సంతకం పెట్టాడు. ఫొటో మీది ముఖాన్నీ, కార్డునూ, మనిషినీ సరిచూసి, మేనేజరు ఎదుట వేలిముద్ర వేయించాను. ఆమె నవ్వలేదు. "నా ఖాతా సంగతి ఎవరన్న అడిగితె చెప్తవా?" అంది. చెప్పనన్నాను. నమ్మినట్టు లేదు.

మర్నాడే ఆసామి వచ్చాడు.

"మా వదినె ఖాతా తెరిసిందా? ఎంతుంది అండ్ల?"

"ఒకరి ఖాతా సంగతి ఇంకొకరికి చెప్పకూడదండీ."

"నేను ఇంకొకణ్ణా?"

"తెరిసిందో లేదో అంటే ఏం పోతది?" హెడ్ క్లర్కు పక్కనుంచి అన్నాడు. నేను తల ఎత్తకుండా ముందున్న ఫారం రాస్తూ పోయాను.

వారం తిరక్కుండా ఆసామి డిపాజిట్లన్నీ తీసుకొని ఎదురుగా ఉన్న బ్యాంకుకు పోయాడు. ఆ తరువాత మధ్యాహ్నం డబ్బా విప్పుకొని నేను కూర్చుంటే అందరూ లేచి వేరే బల్లకు వెళ్లేవారు. శిక్షణ పూర్తయ్యాక మేనేజరు నా నివేదికలో ఒక్క వాక్యం రాశాడు: పెద్ద ఖాతాదారులతో మెలగడం తెలియదు.