ఫోన్లో ఇద్దరు పేపర్ తమ్ముళ్లు

అక్క పాస్‌బుక్కును ఎరువుల బస్తా మీద పరిచి ఆ వరుస కింద గోరు పెట్టింది. ఆగస్టు ఇరవై. ఆరు వేలు. పన్నెండంకెల నంబరు, దాని పక్కన పేరు. ఆ పేరు నాది కాదు.

"గీడెవడు?" అంది. తర్వాత తనకే గుర్తొచ్చింది. "అయ్యో, గాయనా!"

తరిగొప్పులలో ఆమెది విత్తనాలు, ఎరువుల దుకాణం. నేను జనగామలో ఉంటూ ఒక దినపత్రికకు ఆ మండలం వార్తలు రాసేవాణ్ణి. వార్తలతో పాటు ప్రకటనలూ మేమే తేవాలి. స్వాతంత్ర్య దినోత్సవానికి ఆమె శుభాకాంక్షల ప్రకటన ఇచ్చింది. బిల్లు మీద పత్రిక ఖాతా నంబరు ఉంటుంది కానీ ఊళ్లలో ఎవరూ అందులో వేయరు. తెలిసిన విలేకరి ఫోను నంబరుకు డబ్బు కొడతారు, అతడు ఆఫీసుకు కడతాడు. గడువులోగా డబ్బు రాకపోతే ఆఫీసు విలేకరికి ఇచ్చే దాంట్లో కోసుకుంటుంది. ఆరు వేలంటే అప్పట్లో నాకు దాదాపు రెండు నెలల రాబడి.

సెప్టెంబరు చివర్లో అడిగితే, "ఎప్పుడో కొట్టిన గద తమ్మీ" అంది. వాట్సాప్‌లో ఫొటో పంపింది. పచ్చటి టిక్కు, కింద ఆరు వేలు. ఎవరికి వెళ్లిందో చూపే భాగం కత్తిరించి ఉంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. నా ఖాతాలోనేమో రాలేదు. ఇద్దరం నిజమే చెబుతున్నామనుకుంటే ఆ డబ్బు మూడో చోట ఉండాలి. అది అప్పుడు నాకు తట్టలేదు. అలసటలో మనిషికి అనుమానమే ముందు వస్తుంది.

డబ్బు అందలేదనడానికి రుజువు చూపడం కష్టం. లేని వరుసను ఎలా చూపిస్తాం? బిల్లు, ప్రకటన అచ్చయిన పేజీ, ఆగస్టు పదిహేను నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా నా బ్యాంకు స్టేట్‌మెంటు, మూడూ జతచేసి ఆమెకు పంపాను. "అక్కా, ఈ తేదీల్లో నా ఖాతాకు మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. మీ బ్యాంకు స్టేట్‌మెంటు గానీ, పాస్‌బుక్కులో ఆ రోజు వరుస గానీ పంపండి. అందులో ఉండే నంబరుతో డబ్బు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది" అని రాశాను. రాసింది రెండుసార్లు చదివాను. ఎక్కడా ఆమెను దొంగ అన్నట్టు లేదనిపించాకే పంపాను.

పది నిమిషాల్లో ఫోన్.

"ఏంది తమ్మీ, నన్ను నమ్మవా?"

"నమ్మకం కాదక్కా, లెక్క."

"సరే గనీ, నీ ఖాతల పన్నెండొందలే ఉన్నయేంది? గంత పెద్ద పేపరాయె!"

నవ్వాను. ఆ నెల కిస్తీ కోత కూడా ఆమెకు కనిపించే ఉంటుంది.

నాలుగు రోజులకు, ఎరువుల రద్దీ తగ్గాక, బ్యాంకుకు పోయి పాస్‌బుక్కు అచ్చు వేయించుకుని నన్ను రమ్మంది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆమె ఫోన్లో మేమిద్దరం ఉన్నాం. ఒకటి "పేపర్ తమ్మి", ఇంకొకటి "పేపర్ తమ్మి 2". ఆ రెండో అతను వేరే పత్రికకు ఇక్కడే రాసేవాడు. తర్వాత మొగుళ్లపల్లికి వెళ్లిపోయాడు. ఊళ్లో మాకు పేర్లుండవు, పేపరే ఇంటిపేరు. డబ్బు పంపేటప్పుడు తెర మీద అసలు పేరు కనిపిస్తుంది కానీ, దుకాణంలో పదిమంది నిలబడి ఉంటే దాన్ని చూసేదెవరు?

అక్కడే అతనికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"అవునక్కా, వచ్చినయి" అన్నాడతను తడుముకోకుండా. "ఉగాది యాడ్ పైసలు నాకు రావాలె గద, గవేననుకున్న."

"గవి అప్పుడే నీ చేతుల పెట్టిన గద! గీడనే, గీ బల్ల కాడ!"

"నాకైతే యాది లేదక్కా. రసీదుంటే ఫొటో పంపు."

అక్క నావైపు చూసింది. నాలుగు రోజుల కిందట నేను ఆమెను అడిగిందే ఇప్పుడు అతను అడిగాడు. ఆమె దగ్గర ఈసారి చూపడానికి కాగితం లేదు. ఏ విలేకరీ నగదుకు రసీదు ఇవ్వడు. నేనూ ఇచ్చేవాణ్ణి కాదు.

బ్యాంకులో అడిగితే, పంపింది మీరే కాబట్టి అవతలి మనిషి ఒప్పుకుంటేనే తిరిగి వస్తాయన్నారు. అక్క ఫిర్యాదు రాసిచ్చింది. "నీకు మళ్ల ఇస్త తమ్మీ, జర ఆగు. ముందుగాల వాని దగ్గర వసూలు జెయ్యనీ" అంది. ఆమెను తొందరపెట్టే ఓపిక నాకు లేకపోయింది. రెండుసార్లు కట్టమనడం న్యాయమని కూడా అనిపించలేదు.

గడువు దాటాక ఆఫీసు ఆ నెల మూడు వేలు, మరుసటి నెల మూడు వేలు కోసుకుంది. ఆరు వేలూ ఇప్పటికీ మొగుళ్లపల్లి అతని దగ్గరే ఉన్నాయి. ఉగాది ప్రకటనకు అక్క నగదు ఇచ్చిందనడానికి ఆమె మాట తప్ప వేరే ఆధారం ఇంతవరకు దొరకలేదు.