దగ్గరికి జరిగిన ఊరు

జూన్ రెండో సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది. ఆదోనిలో మా ఇంటి గడప దగ్గర చెప్పులు విడుస్తూనే ఆమె అన్నది.

"టీచరమ్మా, మా ఊరు జరిగిందంట."

నేను రిటైరయ్యే దాకా సాంఘికశాస్త్రం చెప్పాను. ఊళ్ళు జరగడం గురించి పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

"యాడికి జరిగింది?"

"హైస్కూలు దగ్గరికి. నేను సదువుకునేటప్పుడు కిలోమీటరు పైన ఉన్నింది. ఇప్పుడు తొమ్మిది నూర్ల మీటర్లేనంట. ఆఫీసు కాగితంలో రాసినారు."

ఆమె నా పాత విద్యార్థిని. ఎమ్మిగనూరు రోడ్డు పక్కన చిన్న పల్లెలో ఉంటుంది. ఊరి ప్రాథమిక బడిలో తల్లిదండ్రుల కమిటీకి పెద్ద. హైస్కూలుకు కిలోమీటరు లోపల ఉన్న చిన్న బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను ఆ హైస్కూల్లో కలిపేస్తారని, అందులో తమ బడి పేరుందని ఆమె చెప్పింది. ఆమె కూతురు మూడో తరగతి. హైస్కూలు రోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డు మీద పత్తి లారీలు ఎవరి కోసమూ ఆగవు.

"తెల్లారకముందే కూలికి పోతాను టీచరమ్మా. రోడ్డు దాటించేకి ఇంట్లో ఎవురుండారు? అంత దూరమైతే పాపను మానిపిస్తాను."

"ఫోనులో చూడకపోయినారా?"

"చూపించినా. ఒకటి పాయింటు మూడు కిలోమీటర్లు అని అదే చెప్పింది. రూల్లో 'పటం ప్రకారం' అని ఉందంట. ఫోను పటం కాదంట."

నా కర్ర స్కేలు, కుట్టు దారం ఉండ సంచిలో వేసుకున్నాను. ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం.

ఏ ఆఫీసో రాయను. అక్కడ కొలతలు చూసే అధికారి కూడా నా విద్యార్థే అని మాత్రం రాస్తాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. టీ తెప్పించాడు. పటం పరిచి, అడగకుండానే నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

"చూడండి మేడం. ప్రాతినిధ్య భిన్నం ఒకటికి యాభై వేలు. పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద యాభై వేల సెంటీమీటర్లు. వందతో భాగిస్తే ఐదు వందల మీటర్లు. రోడ్డు వంపు వంపుకూ స్కేలు తిప్పి ముక్కలు ముక్కలుగా కొలిచినా, మీరు నేర్పినట్టే. మొత్తం ఒకటి పాయింటు ఎనిమిది సెంటీమీటర్లు. తొమ్మిది వందల మీటర్లు. ఎక్కడన్నా తప్పుందా మేడం?"

లెక్కలో తప్పు లేదు. స్కేలును సున్నా గీత దగ్గరే పెట్టాడు, అంచు దగ్గర కాదు. చక్కగా నేర్చుకున్నాడు. తప్పంతా బల్ల మీద ఉన్న కాగితంలో ఉంది. సర్వే పటం అంత పలచగా, అంత బూడిదరంగులో, ఫైలు అట్టకు అంత సరిగ్గా సరిపోయి ఉండదు.

"ఇది అసలు పటమేనా నాయనా?"

"జిరాక్స్ మేడం. అసలుది బీరువాలో భద్రంగా ఉంది. దాన్ని వాడితే పాడైపోదా?"

"ఒకటికొకటి తీసినారా, కుదించినారా?"

"పెద్ద కాగితం ఫైల్లో పట్టదు గదా మేడం. ఏ త్రీలో ఉన్నదాన్ని ఏ ఫోర్‌కు చేయించినాం."

"పటం చిన్నదైతే రోడ్డు గీత కూడా చిన్నది కాలేదా?"

జాలిపడినట్టు నవ్వాడు. "మీరే గదా మేడం చెప్పినారు, ప్రాతినిధ్య భిన్నం నిష్పత్తి, దానికి యూనిట్లు ఉండవని. సెంటీమీటర్లయినా అంగుళాలయినా మారదు. పెద్ద కాగితమైనా చిన్న కాగితమైనా ఒకటికి యాభై వేలే. చూడండి, ఇక్కడ అచ్చు వేసి ఉంది."

నిజమే, అచ్చు వేసి ఉంది. మనిషి సన్నబడ్డా పాత చొక్కా మీద సైజు అంకె మారదు మరి.

"యూనిట్లు ఉండవన్నాను. జిరాక్స్ మిషనుకు లొంగదని అనలేదు," అన్నాను. "ఆ అంకె కింద గీత స్కేలు ఉంది చూడు. కిలోమీటరుకు గీసిన గీత ఎంతుందో కొలువు."

కొలిచాడు. ఒకటి పాయింటు నాలుగు సెంటీమీటర్లు.

"మీ భిన్నం ప్రకారం కిలోమీటరుకు ఎన్ని సెంటీమీటర్లు ఉండాల?"

"రెండు," అని ఆగాడు. స్కేలు మళ్ళీ పెట్టాడు. స్కేలు తిప్పి రెండో అంచుతో కూడా కొలిచాడు. గీత పెరగలేదు.

"కాగితంతో పాటు గీత కూడా కుంచించుకుపోయింది. అంకెకు ఆ తెలివి లేదు. ఇప్పుడు మీ ఒకటి పాయింటు ఎనిమిదిని ఒకటి పాయింటు నాలుగుతో భాగించు."

భాగించాడు. దాదాపు ఒకటి పాయింటు మూడు వచ్చింది. పక్కన ఆమె అంది, "నా ఫోను కూడా అదే సెప్పింది గదన్నా."

బీరువా తాళం తెప్పించారు. అసలు పటం మీద దారాన్ని రోడ్డు వంపుల వెంట పరిచి, బడి దగ్గరా హైస్కూలు దగ్గరా వేళ్ళతో పట్టుకుని, స్కేలు మీద సాగదీయకుండా పెట్టాను. రెండు పాయింటు ఆరు సెంటీమీటర్లు. పదమూడు వందల మీటర్లు. అతను ఒప్పుకున్నాడు. తమ పొరపాటును ఎవరైనా ఒప్పుకుంటే నాకు ముచ్చటేస్తుంది. పై ఆఫీసుకు సవరణ రాస్తానన్నాడు.

"పటం కూడా జత చేయాల మేడం. కానీ మా స్కానరు ఏ ఫోరే తీసుకుంటుంది."

"అట్లయితే దాని మీద ఒకటికి యాభై వేలు అన్న అంకె కొట్టేయి. గీత స్కేలుతోనే కొలవమని పక్కన రాయి."

"అయ్యో మేడం, సర్వే పటం మీద కొట్టివేతలా? ఫైలు వెనక్కి కొడతారు."

"వద్దప్పా, నా మాట విను. ఆ అంకె ఉంటే పైన ఎవడో ఒకడు దాంతోనే కొలుస్తాడు."

"పై ఆఫీసులో అంతా చదువుకున్నవాళ్ళు మేడం. గీత స్కేలు చూడరా?"

బస్టాండుకు నడుస్తూ ఆమె అడిగింది, "మా ఊరు మళ్ళీ యనక్కి పోయినట్లేనా టీచరమ్మా?"

"పోయినట్లే, వాళ్ళు సరైన గీత చూస్తే," అన్నాను.

జూలై మూడో గురువారం జవాబు వచ్చింది. దాన్ని ఆమె ఫోటో తీసి నాకు పంపింది. 'జతపరచిన పటమును స్కేలుతో పరిశీలించగా దూరము 1.8 సెం.మీ., అనగా 900 మీటర్లుగా తేలినది. సవరణకు ఆధారము లేదు.' సవరణ లేఖలో పదమూడు వందల మీటర్లు అని ఉంది. దాన్ని ఎవరూ చదవలేదనను. చదివి, పటం చూసి, మా అధికారి లాగే ఎంతో జాగ్రత్తగా కొలిచారు. కొట్టివేతలు లేని పటం కదా, నమ్మారు.

నేను అతనికి ఫోన్ చేశాను.

"ఒక మిల్లీమీటరు కూడా తేడా రాలేదు మేడం," అన్నాడు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

పోయినవి ఇవి. మూడో తరగతిలో ఎనిమిది మంది, నాలుగులో ఆరుగురు, ఐదులో ఐదుగురు, మొత్తం పంతొమ్మిది మంది పిల్లలు ఆ బడి నుంచి పోయారు. ఇద్దరు టీచర్లలో ఒకరు పోయారు. పంతొమ్మిది మందిలో పదకొండు మంది హైస్కూలుకు నడుస్తున్నారు. ఐదుగురు ఎమ్మిగనూరు ప్రైవేటు బడి బస్సెక్కుతున్నారు. ముగ్గురు ఎక్కడికీ పోవడం లేదు. ఆ ముగ్గురిలో ఆమె కూతురు ఒకతె. తల్లితో చేనుకు పోతుంది.

కాగితం మీద పోయిన నాలుగు వందల మీటర్లు మాత్రం నేల మీద ఉన్నచోటే ఉన్నాయి.