కుప్పమ్మ పార్లర్‌లో పెళ్లికూతురి బేరం

చిత్తూరులో కుప్పమ్మ బ్యూటీ పార్లర్ నడుపుతుంది. నలభై దాటాక కుట్టుమిషన్ను మూలకు తోసి నేర్చుకున్న పని. ఊళ్లో ఆడవాళ్లందరి కనుబొమ్మలూ తీర్చిదిద్దే ఈమె కనుబొమ్మలు మాత్రం గొంగళిపురుగుల్లా ఉంటాయి. దారం పట్టుకుని ఎవరు దగ్గరికొచ్చినా లేచి పారిపోతుంది. ఇది మనవళ్లకు తెలుసు. కస్టమర్లకు తెలియకూడదని ఆమె మొక్కు.

పారిపోయే గుణం బేరాల దగ్గరా ఉండేది. ఎవరైనా గొంతు పెంచి అడిగితే చాలు, "ఎవరికీ చెప్పొద్దు" అని చెవిలో ఊది రేటు తగ్గించేది. చిత్తూరులో ఆ మాట అనడమంటే మైకు పట్టుకోవడమే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే అమల, ఎన్నడూ మారుమాట లేకుండా గోడ మీది రేట్ల పట్టీలో ఉన్నంతా ఇచ్చే పిల్ల, పోయిన నెల ఒక మాట అడిగింది. తను చేయించుకునే ఫేషియలే పక్కింటామెకు తక్కువకు చేసినారని తెలిసి అడిగింది.

"నా మొగం మీద అంత ఎక్కువ పని ఉండాదా అక్కా?"

అందులో కోపం లేదు. అందుకే కుప్పమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. ఇకమీద అందరికీ ఒకటే రేటని అమలకు మాటిచ్చింది.

నెల తిరగకముందే బంగారుపాళ్యం నుంచి సుబ్బులమ్మ, పెళ్లి కుదిరిన కూతురు హేమశ్రీని వెంటబెట్టుకుని దిగింది. ఎనిమిదెకరాల మామిడితోట ఆమెది. ఏటా ఫ్యాక్టరీవాళ్లు తోతాపురి కాయకు రేటు కోసేస్తుంటే, ఆ కసి దుకాణాల మీద తీర్చుకుంటుందని పేరు. ఆ పెళ్లి ముహూర్తాల్లో కుప్పమ్మకు రాబోయే పెద్ద పని ఈ పెళ్లే. పోగొట్టుకుంటే కష్టం. తగ్గిస్తే ఇంకా కష్టం, ఎందుకంటే పక్క కుర్చీలో తలకు హెన్నా పెట్టుకుని అమల కూర్చుని ఉంది.

పట్టీ చూసిన సుబ్బులమ్మ సగానికి అడిగింది. బస్టాండు దగ్గర ఇంకొకామె అంతకే చేస్తుందంది. వియ్యంకులవైపు ఆడవాళ్లందర్నీ ఇక్కడికే పంపిస్తానని ఆశ పెట్టింది. కుప్పమ్మ నాలుక మీదికి "ఎవరికీ చెప్పొద్దు" వచ్చేసింది. అద్దంలో అమల కళ్లు కనబడ్డాయి. మాట మింగి, కుర్చీ లాక్కుని సుబ్బులమ్మ ఎదురుగా కూర్చుంది.

"బస్టాండు దగ్గరామె కూడా బాగానే చేస్తుంది అక్కా. ఆడికి పోయినా నేనేమీ అనుకోను. ఈడ మాత్రం చేసే పనికి ఒకటే రేటు. నీకు తక్కువ కావాలంటే పని తగ్గిస్తాం. ఏది తీసేద్దామో నువ్వే చెప్పు."

పెళ్లికి ఏమేమి చేస్తుందో వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పింది. సుబ్బులమ్మ మొదట ముందస్తు ట్రయల్ తీసేయమంది. అది మాత్రం కుదరదని కుప్పమ్మ తేల్చేసింది. పది రోజుల ముందే చెవి వెనక క్రీము రాసి చూడకుండా, పెళ్లిపీటల మీద పిల్ల మొహం దద్దుర్లెక్కితే ఎవరు జవాబు చెప్పాలని అడిగింది. చీర కట్టడం తీసేద్దామా అంటే, పట్టుచీర కుచ్చిళ్లు ఎవరు పెడతారని తల్లికే భయం వేసింది. చివరికి హేమశ్రీ నోరు విప్పింది. "రిసెప్షన్‌కు తల దువ్వడం తీసేయండి ఆంటీ. మా ఫ్రెండ్ జడ బాగా వేస్తాది."

ఆ పనికి పట్టీలో ఎంతుందో అంతా తగ్గింది. సుబ్బులమ్మ మొహం కొంచెం తేటపడింది గానీ, ఉత్త చేతుల్తో వెళ్లే మనిషా ఆమె.

"కూరగాయలామె కూడా కొసరేస్తాది గదే కుప్పమ్మా. నువ్వు వెయ్యవా?"

కుప్పమ్మ పక్కున నవ్వింది. కొసరంటే ధర తగ్గినట్టు కాదు, మనసు తృప్తిపడినట్టు. ఈ మాట ఇన్నేళ్లూ తనకు తోచనందుకు తన్ను తానే తిట్టుకుంది. పెళ్లి పని పెట్టుకున్న ఏ ఇంటికైనా సరే, పెళ్లికూతురి తల్లికి కనుబొమ్మలు ఊరికే తీస్తానని అందరికీ వినబడేట్టు చెప్పి, చాక్‌పీసుతో పట్టీ కింద రాసేసింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. అయినా చదవడానికి వస్తాయి.

సుబ్బులమ్మ గెలిచిన మొహంతో కుర్చీ ఎక్కింది. దారం రెండుసార్లు ఆడగానే కళ్ల వెంట నీళ్లు కారినాయి.

"ఓయమ్మా, ఇంత నొప్పి కాబట్టేనా ఊరికే ఇస్తా ఉండావు?"

రెండో కనుబొమ్మ వదిలేయమంటే వదిలేస్తానని కుప్పమ్మ అంటే, ఇచ్చిన కొసరు సగం ఎలా మిగుల్చుకుంటావని సుబ్బులమ్మ గద్దించి, కళ్లు గట్టిగా మూసుకుంది. దిగినాక అద్దంలో చాలాసేపు చూసుకుంది. అడ్వాన్సు తీసిచ్చి, ట్రయల్‌కు బుధవారం వస్తామని చెప్పింది.

వాళ్లు వెళ్లినాక అమల తల కడిగించుకుంటూ, తన పెళ్లి పనికి కూడా ఇక్కడే రాసుకోమంది. అబ్బాయి ఎవరని కుప్పమ్మ ఆత్రంగా అడిగింది. ఇంకా దొరకలేదట, ముందు మాత్రం వాళ్లమ్మ కనుబొమ్మలు ఖాయం చేసుకుంటుందట.