బావ ఆఫర్ లెటర్

గుంటూరు, ఒంగోలు మధ్య పురుగుమందుల దుకాణాల్లో పాతవాళ్ళు ఇప్పటికీ ఒక మాట అంటుంటారు. ఫలానావాడు తన ఆఫర్ లెటర్ పదిమందికీ చూపించుకుని గొప్పలు పోయాడనీ, అందుకే చేతికొచ్చిన ఉద్యోగం జారిపోయిందనీ. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేను.

అతనూ నేనూ వేర్వేరు పురుగుమందుల కంపెనీల్లో సేల్స్ ఆఫీసర్లం. నాది సత్తెనపల్లి వైపు, అతనిది ప్రకాశం వైపు. మాకు చుట్టరికం లేదు. అయినా మా వైపు అలవాటు ప్రకారం పదేళ్ళుగా ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. రెండువేల అయిదు ప్రాంతంలో కొత్తరకం పత్తి విత్తనాలు వచ్చాయి. కాయతొలుచు పురుగుకి మందు కొట్టే పని తగ్గింది, మా అమ్మకాలు పడిపోయాయి. అందరి చూపూ విత్తనాల కంపెనీల మీద పడింది.

ముందు అతనికి ఆఫర్ వచ్చింది. వెంటనే రాజీనామా ఇచ్చేశాడు. నెల నోటీసు గడిచాక కొత్త కంపెనీలో చేరాలి. ఆ వారంలోనే హైదరాబాదు నుంచి ఒక రిక్రూటర్ నాకు ఫోన్ చేశాడు. ఇంకో విత్తనాల కంపెనీకి మనిషి కావాలిట. అరండల్‌పేటలో ఒక హోటల్లో కూర్చుని కాఫీ తాగుతూ చెప్పాడు.

"నెలకి పద్దెనిమిది వేలండి. హెడ్‌క్వార్టర్ కంపెనీ ఇష్టం. కర్నూలు కావచ్చు, ఆదిలాబాదు కావచ్చు."

నా భార్య గుంటూరులోనే ఒక మిషన్ స్కూల్లో టీచరు. నేను కర్నూలు వెళ్తే ఆమె ఉద్యోగం మానాలి, లేదా మేం చెరో ఊళ్ళో ఉండాలి. జీతం కన్నా నాకు హెడ్‌క్వార్టర్‌గా ఏ ఊరు రాస్తారన్నదే ముఖ్యం. రెండు రోజులు గడువు అడిగి నేరుగా బావ దగ్గరికి వెళ్ళాను.

"తొందరపడి సరేనన్నావా ఏంటి?" అన్నాడు.

"అనలేదు."

"బతికావు. మిరపకాయలు తెచ్చిన రైతు మొదటి పాటకే బస్తా ఇచ్చేస్తాడా? ఇదే పని చేసేవాళ్ళు ఎంత తీసుకుంటున్నారో కనుక్కో. పేర్లొద్దు. ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పు. జీతం దగ్గర వాడు ఆగిపోతే మిగతావి అడుగు. హెడ్‌క్వార్టర్, పెట్రోలు, ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు. నోటిమాట కాదు, ఆర్డర్లో రాయించుకో."

తన లెటరు జిరాక్సు ఒకటి తీయించి నా చేతిలో పెట్టాడు. "ఎలా రాయించుకోవాలో చూసుకోడానికి ఇస్తున్నా. ఎవరికీ చూపించొద్దు బావా. గోప్యంగా ఉంచాలని అందులోనే రాశారు."

"నాకు చెప్పాలా?" అన్నాను.

సోమవారాలు అన్ని కంపెనీల వాళ్ళం డీలర్ల దుకాణాల దగ్గర కలుస్తాం. ఆ సోమవారం అయిదుగురిని కదిపాను. మా పనికి, మా అనుభవానికి విత్తనాల కంపెనీలు ఇరవై నుంచి ఇరవైనాలుగు వేల దాకా ఇస్తున్నాయని తేలింది. తెల్లకాగితం మీద రాసుకుని రిక్రూటర్ దగ్గరికి వెళ్ళాను. ఇరవైనాలుగు అడిగాను. నేను ఇరవైరెండుకి దిగాలంటే గుంటూరు హెడ్‌క్వార్టర్, కిలోమీటరు లెక్కన పెట్రోలు, భార్యకీ పిల్లలకీ ఇన్సూరెన్సు ఆర్డర్లో ఉండాలన్నాను.

అతను కాగితం శ్రద్ధగా చూశాడు. "బాగా తయారై వచ్చారండి. నా ఫీజు మీ జీతం మీద శాతమే. మీకు ఎక్కువొస్తే నాకూ ఎక్కువే."

అక్కడ నేను మోసపోయాను. మా నాన్న మిరప రైతు. మిరప యార్డులో కమీషన్ ఏజెంటు రైతు మనిషి. రైతు సరుకు అమ్మిపెట్టి, వచ్చిన ధర మీద శాతం తీసుకుంటాడు. అందుకని రైతు అతని దగ్గర ఏదీ దాచడు. ఎంతకైతే ఇస్తాడో, ఇంట్లో అవసరం ఏమిటో అన్నీ చెప్పేస్తాడు. శాతం అన్న మాట వినగానే ఇతనూ అలాంటివాడే అనుకున్నాను. ఇతని ఫీజు ఇచ్చేది కంపెనీ అనీ, అంటే ఇతను కొనేవాడి మనిషనీ నాకు తట్టలేదు. మా ఆవిడ ఉద్యోగం సంగతి చెప్పాను. గుంటూరు ఇస్తే ఇరవైకైనా చేరతానని కూడా చెప్పేశాను.

"మీ కాగితంలో అంకెలు నేను నమ్ముతానండి. కంపెనీ నమ్మాలి కదా! ఎవరిదైనా ఒక్క లెటరు చూపించండి చాలు. నా దగ్గరే ఉంటుంది," అన్నాడు.

జిరాక్సు నా సంచిలోనే ఉంది. తీసి ఇచ్చాను. కనీసం పేరైనా చేత్తో మూయలేదు.

నాలుగు రోజులకి నా ఆర్డరు వచ్చింది. ఇరవై వేలు. కానీ గుంటూరు, పెట్రోలు, ఇన్సూరెన్సు అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఆ రోజు మా ఆవిడ స్కూల్లో మిఠాయిలు పంచింది.

తర్వాతి వారం పొద్దున్నే బావ మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. నా లెటరు నువ్వు చేరబోయే కంపెనీ ఆఫీసు దాకా పోయిందిట. మీవాళ్ళు మావాళ్ళకి ఫోన్ చేసి మీ జీతాలన్నీ మా దగ్గరున్నాయని ఎగతాళి చేశారుట. ఆ జిరాక్సు ఎక్కడ?"

"బీరువాలో ఉంది."

"తీసుకురా."

లోపలికి వెళ్ళి ఊరికే బీరువా తలుపు తీసి, వేశాను. మా ఆవిడ చూస్తూనే ఉంది. బయటికొచ్చి, "కనపడట్లేదు బావా. వెతికి ఇస్తాలే," అన్నాను.

"నేను తీయించింది ఒక్కటే," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. "వాడికిచ్చావని చెప్పు. నాలుగు తిట్టి పోతాను. చెప్పరా!"

పదేళ్ళలో నన్ను అతను రా అనడం అదే మొదటిసారి. "నువ్వే ఇంకెవరికైనా చూపించావేమో గుర్తు తెచ్చుకో," అన్నాను.

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పాత కంపెనీ అతని చోట అప్పటికే వేరే మనిషిని పెట్టుకుంది. ఏం జరిగిందని దుకాణాల దగ్గర అందరూ నన్నే అడిగారు. గేటు దగ్గర నేనన్న మాటనే కొంచెం పెంచి, లెటరు పదిమందికీ చూపించుకున్నాడని చెప్పాను. చెప్పేకొద్దీ అది నిజమే అన్నంత తేలికగా వచ్చింది.

ఏడాది తర్వాత టూరులో భోజనం దగ్గర మా మేనేజరు నవ్వుతూ అన్నాడు. "నీకు ఇరవైరెండు దాకా మేం ముందే ఒప్పుకున్నాం. నీ తెల్లకాగితమే సరిపోయేది. నువ్వు ఇరవైకే వస్తావని ఆ హైదరాబాదాయన చెప్పాడు. పోటీవాళ్ళ లెటరు మాత్రం బాగా పనికొచ్చింది."

రిక్రూటర్ నన్ను అమ్మేశాడని ఆ రాత్రంతా మండిపోయాను. నేను ఎవరిని అమ్మానో తలచుకోడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

బావ అప్పటికి మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లారీలకి రాళ్ళు ఎక్కించే పని చూస్తున్నాడు. చివరికి ఒకసారి వెళ్ళాను. రాతి పొడితో జుట్టంతా తెల్లగా ఉంది. మిషన్ల చప్పుడులో అరిచినట్టే చెప్పాల్సి వచ్చింది. "వాడికిచ్చింది నేనే బావా."

"అది నాకు తెలీదా?" అన్నాడు. "నాకు చెప్పి ఏం లాభమండీ? అబద్ధం దుకాణాల దగ్గర చెప్పారుగా. అక్కడ చెప్పండి."

అండీ అన్నాడు. మా మధ్య ఎప్పుడూ లేని మాట.

వచ్చే సోమవారం చెబుదామనుకున్నాను. తర్వాతి సోమవారం అనుకున్నాను. నేను రిటైరయ్యేదాకా అలాగే అనుకున్నాను. ఆ దుకాణాల్లో సగం ఇప్పుడు లేవు, ఉన్నవాటిలో కొడుకులు కూర్చుంటున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అతను తన లెటరు ఒక్క మనిషికే ఇచ్చాడు. ఎవరికీ చూపించొద్దని చెప్పి మరీ ఇచ్చాడు. ఆ మనిషిని నేను.